భుజానికి వేసుకునే బ్యాగుల వాడకంపై సర్వే

నమస్కారమండీ. మేం బ్యాగులు కుట్టి అమ్మే చిన్న యూనిట్ వాళ్లం. కొత్త రకం బ్యాగు ఒకటి తయారుచేయాలా, వద్దా అని ఆలోచిస్తున్నాం. మీరు "నాకక్కర్లేదు" అన్నా మాకు ఉపయోగమే. కుట్టించాక సరుకు మిగిలిపోవడం కన్నా ఆ సంగతి ముందే తెలియడం మేలు. ఈ జవాబుల్లో మీ పేరు రాసుకోం. ఇష్టంలేని ప్రశ్నను వదిలేయొచ్చు.

(అడిగేవారికి: ప్రశ్నను ఉన్నదున్నట్టు చదవండి. జవాబుకు తలూపడం, "అవునండీ, అందరూ అదే అంటున్నారు" అనడం వద్దు. మొహమాటానికి "బాగుంది" అనేవాళ్లు ఎలాగూ ఉంటారు, మనం వాళ్లను ఇంకా ఇరుకున పెట్టకూడదు. 5వ ప్రశ్న పూర్తయ్యేదాకా కొత్త బ్యాగు ఎలా ఉంటుందో చెప్పకండి.)

1. గత రెండేళ్లలో మీ కోసం భుజానికి వేసుకునే బ్యాగు కొన్నారా?
కొన్నాను / కొనలేదు / గుర్తులేదు
(కొన్నవారిని మాత్రమే 2, 3 అడగండి.)

2. చివరిసారి కొన్నప్పుడు, ఎందుకు కొనాల్సి వచ్చింది?
(చెప్పిన మాటలనే రాసుకోండి. కారణాలు అందించకండి.)

3. దానికి సుమారు ఎంతయింది?

4. మీరు వాడే బ్యాగులో ఇప్పటిదాకా ఏదైనా పాడైందా? అయితే, ఏ భాగం?
(పాడవలేదంటే 5 వదిలేయండి.)

5. అప్పుడు ఏం చేశారు?
బాగుచేయించాను / నేనే బాగుచేసుకున్నాను / అలాగే వాడుతున్నాను / పక్కన పడేశాను / వేరేది కొన్నాను / ఇంకేదైనా
(మొదటి ఐదింటి వరుసను మనిషి మనిషికీ మార్చండి.)

ఇప్పుడు ఇది చదివి వినిపించండి: "ఈ బ్యాగు పట్టీలు, జిప్పు ఊడదీయడానికి వీలుగా ఉంటాయి. పాడైన భాగాన్ని తీసేసి ఇంట్లోనే కొత్తది బిగించుకోవచ్చు. ఆ భాగాలను విడిగా కొనుక్కోవాలి. ఇదే సైజు మామూలు బ్యాగు కన్నా ఇది కొంచెం బరువు."

(బరువు సంగతి దాటేయకండి. అది చెప్పకుండా రాబట్టిన ఇష్టం కొనేరోజున నిలవదు.)

6. ఇది విన్నాక మీకు ఏమనిపించింది?

7. ఇలాంటి బ్యాగు వల్ల మీకు ఉపయోగం ఎంత?
అసలు ఉండదు / పెద్దగా ఉండదు / కొంత ఉంటుంది / చాలా ఉంటుంది / చెప్పలేను
(సగం మందికి మొదటి నాలుగింటినీ చివరి నుంచి చదవండి.)

8. ధర ఎంత దాటితే దీన్ని కొనరు? ఎంతకన్నా తక్కువైతే నాణ్యత మీద అనుమానం వస్తుంది?
(మీరు అంకె చెప్పొద్దు. చెబితే జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. "మీరెంతకు ఇస్తారు?" అని అడిగితే, ఇంకా తేల్చలేదని నిజమే చెప్పండి.)

9. ఈసారి బ్యాగు కొనాల్సివస్తే ఏది తీసుకుంటారు?
ఇప్పుడు వాడే రకం / ఇందాక చెప్పిన రకం / రెండూ కాదు / అప్పుడు చూస్తాను

10. దీన్ని కొనకపోవడానికి మీకు కారణం ఏదైనా ఉందా? కొనడానికి?
(ఒకరిని "కొనకపోవడానికి" ముందు, తర్వాతి వారిని "కొనడానికి" ముందు అడగండి.)

అడిగినవన్నీ అయిపోయాయండీ. ఓపిగ్గా చెప్పినందుకు ధన్యవాదాలు. బ్యాగు తయారైతే కబురు కావాలనుకుంటే ఈ విడి చీటీ మీద మీ నంబరు రాసివ్వండి. ఈ జవాబుల కాగితంతో దాన్ని కలపం.