ముందు ఏం చేస్తారు? క్యాజువాల్టీ పోస్టింగ్‌కి వచ్చే హౌస్‌సర్జన్లకు ప్రాక్టీస్ పేపర్

ఆరు ప్రశ్నలు, పది నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు. ప్రతి ప్రశ్నకీ ఇచ్చిన ఐదింటిలో చాలావరకు ఆ పేషెంటుకి మీరు ఎలాగూ చేసే పనులే, కాబట్టి "ఇది తప్పు కదా" అని కొట్టేసుకుంటూ పోతే జవాబు రాదు. మీ చేతులు ముందుగా దేని మీదకి వెళ్లాలి అన్నదే ప్రశ్న. జవాబులు చివర్లో ఉన్నాయి, ముందే చూడకండి.

1. 34 ఏళ్ల మిరప రైతు. గంట క్రితం మోనోక్రోటోఫాస్ తాగాడు. 108లో తెచ్చారు. పిలిస్తే పలకడం లేదు. నోటి నిండా నురగ, వాంతి. ఊపిరి తీస్తుంటే గొంతులో గురగుర. శాచురేషన్ 78, పల్స్ 52, కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. బట్టలు మందు వాసన కొడుతున్నాయి.

ఎ) అట్రోపిన్ ఐవీ బోలస్
బి) ప్రాలిడాక్సిమ్
సి) ఎడమ పక్కకి తిప్పి, సక్షన్ చేసి, ఆక్సిజన్ పెట్టడం
డి) బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడగడం
ఇ) రైల్స్ ట్యూబ్ వేసి కడుపు కడగడం

2. 50 ఏళ్ల మహిళ, కాలికి రక్తపింజర కాటు. గాజు ట్యూబులో 20 నిమిషాలు ఉంచినా రక్తం గడ్డకట్టలేదు. పది వయల్స్ ఏఎస్‌వీ ఎక్కుతుండగా ఒంటి నిండా దద్దుర్లు, పిల్లికూతలు, బీపీ 80/50. సిస్టర్ వెంటనే డ్రిప్ ఆపేసింది.

ఎ) అవిల్ ఐవీ
బి) హైడ్రోకార్టిసోన్ 200 మి.గ్రా. ఐవీ
సి) సాల్బుటమాల్ నెబ్యులైజేషన్
డి) అడ్రినలిన్ 0.5 మి.గ్రా. తొడ కండరానికి
ఇ) నార్మల్ సెలైన్ వేగంగా ఎక్కించడం

3. రెండేళ్ల బాబు, 10 కిలోలు, పోషణ బాగానే ఉంది. నిన్నటి నుంచి నీళ్ల విరేచనాలు. మగతగా ఉన్నాడు, కళ్లు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే రెండు సెకన్లు దాటినా సర్దుకోవడం లేదు. నీళ్లు పట్టిస్తే మింగలేకపోతున్నాడు.

ఎ) ఓఆర్ఎస్ నాలుగు గంటల్లో 750 మి.లీ.
బి) జింక్ 20 మి.గ్రా.
సి) రింగర్ లాక్టేట్ 300 మి.లీ. అరగంటలో ఐవీ
డి) సీరమ్ ఎలక్ట్రోలైట్లు పంపడం
ఇ) తల్లిపాలు, మామూలు తిండి కొనసాగించమని చెప్పడం

4. అదే బాబు, అవే విరేచనాలు, అవే ఆప్షన్లు. కానీ ఇప్పుడు ఏడుస్తూ చిరాకు పడుతున్నాడు. కప్పు చూపిస్తే లాక్కుని గటగటా తాగుతున్నాడు. కళ్లు కొంచెం లోపలికి ఉన్నాయి; చర్మం నెమ్మదిగానే అయినా రెండు సెకన్లలోపే సర్దుకుంటోంది.

5. 46 ఏళ్ల మనిషి. రోజూ తాగుతాడు, రెండు రోజులుగా తిండి లేదు. అరుగు మీద స్పృహ లేకుండా పడి ఉంటే తెచ్చారు. ఊపిరి, బీపీ బాగున్నాయి. నుదుటి మీద చిన్న గాయం. జీఆర్‌బీఎస్ 38. ఐవీ లైన్ ఉంది.

ఎ) థయమిన్ 100 మి.గ్రా. ఐవీ ఇచ్చి, అది పూర్తయ్యాక డెక్స్‌ట్రోస్
బి) 25% డెక్స్‌ట్రోస్ 100 మి.లీ. ఐవీ
సి) సీటీ బ్రెయిన్
డి) ఎలక్ట్రోలైట్లు, మెగ్నీషియం పంపడం
ఇ) గాయం శుభ్రం చేసి టీటీ ఇవ్వడం

6. 19 ఏళ్ల అమ్మాయి, టైప్ 1 షుగర్. మూడు రోజులుగా ఇన్సులిన్ మానేసింది. షుగర్ 486, కీటోన్లు పాజిటివ్, పీహెచ్ 7.08. ఒక లీటర్ సెలైన్ ఎక్కింది, బీపీ 104/70, యూరిన్ బాగా వస్తోంది. ఇప్పుడే వచ్చిన రిపోర్టులో పొటాషియం 2.8.

ఎ) ఇన్సులిన్ గంటకు కిలోకు 0.1 యూనిట్ చొప్పున
బి) సెలైన్‌తో పాటు పొటాషియం క్లోరైడ్ మొదలుపెట్టి, ఇన్సులిన్ ఆపి ఉంచడం
సి) బైకార్బొనేట్
డి) ఇన్ఫెక్షన్ కోసం వెతకడం
ఇ) డోసు మానొద్దని ఇంట్లోవాళ్లకి వివరించడం

---

జవాబులు

1. సి. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న మీద గొడవే. "సార్, అట్రోపినే కదా ప్రాణం నిలబెట్టేది?" నిజమే, సక్షన్ ఒకరు చేస్తుంటే పక్కన ఇంకొకరు అట్రోపిన్ లోడ్ చేస్తూనే ఉండాలి. కానీ మళ్లీ చదవండి: నోట్లో వాంతి, గొంతులో గురగుర, స్పృహ లేదు. ఆ వాంతిని అట్రోపిన్ బయటికి తీయదు. దారి క్లియర్ చేయడానికి పట్టేది కొన్ని సెకన్లే. ఇదే రైతు స్పృహలో ఉండి, నోరు శుభ్రంగా ఉండి, ఊపిరితిత్తుల్లో మాత్రం బుడబుడలు వినిపిస్తే నేను ఎ కే మార్కు ఇస్తాను.

ఆక్సిజన్ పెట్టకుండా అట్రోపిన్ ఇవ్వకూడదని పాత నోట్సుల్లో ఉంటుంది. సిలిండర్ అందుబాటులో లేదని అట్రోపిన్ ఆపొద్దు. 1.8 నుంచి 3 మి.గ్రా. తో మొదలుపెట్టి, చాలకపోతే ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ పోండి. మీరు చూడాల్సింది ఛాతీలో చప్పుడు పోయిందా, పల్స్ 80 దాటిందా, సిస్టాలిక్ 80 పైన ఉందా అన్నవి. కంటిపాపలు పెద్దవయ్యేదాకా ఎక్కించడం లక్ష్యం కాదు.

బట్టలు తీయడం కూడా వెంటనే జరగాల్సిందే, ఆయానో వార్డ్ బాయో గ్లవ్స్ వేసుకుని చేస్తారు. ఇ మాత్రం ఇక్కడ ప్రమాదం: స్పృహ లేని మనిషికి ఎయిర్‌వే కాపాడకుండా కడుపు కడిగితే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ఆఖరికి బంధువులు "కడుపు కడగండి డాక్టర్ గారూ" అని ఎంత ఒత్తిడి పెట్టినా ఒప్పుకోకండి.

2. డి. అవిల్, హైడ్రోకార్ట్ అని చేయి అలవాటుగా ట్రే వైపు పోతుంది. దద్దుర్లకి అవిల్ పనికొస్తుంది కానీ పడిపోతున్న బీపీని నిలబెట్టదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది. 1:1000 అడ్రినలిన్ అర మి.లీ., తొడ బయటి వైపు కండరంలోకి. తగ్గకపోతే ఐదు నిమిషాలకి మళ్లీ. సెలైన్ ఆ వెనకే. చాలామంది మర్చిపోయేది ఒకటుంది: ఆమె రక్తం ఇంకా గడ్డకట్టడం లేదు. కుదుటపడ్డాక మిగిలిన ఏఎస్‌వీని నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. రియాక్షన్ వచ్చిందని కేస్ షీట్‌లో రాసి వదిలేస్తే విషం ఊరుకోదు.

3. సి. 4. ఎ. రెండూ కలిపి చదవండి. మగతగా ఉండి మింగలేని పిల్లాడి నోట్లో ఓఆర్ఎస్ పోయడం అపాయం. కిలోకు 30 మి.లీ. అరగంటలో, ఆ తర్వాత కిలోకు 70 మి.లీ. రెండున్నర గంటల్లో, ఏడాది లోపు పిల్లలకైతే ఇదే గంటలో, ఐదు గంటల్లో. అదే బాబు కప్పు లాక్కుని తాగుతుంటే సూదితో పని లేదు, కిలోకు 75 మి.లీ. ఓఆర్ఎస్ నాలుగు గంటల్లో తల్లే చెంచాతో పట్టిస్తుంది. జింక్ ఇద్దరికీ ఇవ్వాల్సిందే, 14 రోజులు. తిండీ పాలూ అంతే. రెండు చోట్లా సరైనవే, ఏ చోటా మొదటివి కావు.

5. బి. గ్లూకోజ్ ముందు ఇస్తే వెర్నికీ వస్తుందన్న భయంతో ఎ పెట్టేవాళ్లు ఎక్కువ. 38 దగ్గర మెదడుకి ఆగే టైం లేదు. డెక్స్‌ట్రోస్ ఎక్కుతుండగానే థయమిన్ ఇవ్వండి, వెర్నికీ అనుమానం ఉంటే ఇంకా పెద్ద డోసులో. షుగర్ సరయ్యాక కూడా లేవకపోతే సీటీ. నుదుటి గాయం ఉంది కాబట్టి ఆ అనుమానాన్ని మాత్రం వదలొద్దు.

6. బి. ఇన్సులిన్ పొటాషియంని కణాల్లోకి తోసేస్తుంది. 2.8 ఉన్నప్పుడు మొదలుపెడితే అది ఇంకా పడిపోయి, గుండె లయ తప్పుతుంది. యూరిన్ వస్తోందని ప్రశ్నలో ఊరికే రాయలేదు, పొటాషియం ఇవ్వడానికి అదే ధైర్యం. మానిటర్ పెట్టి, గంటకు 10 నుంచి 20 మిల్లీ ఈక్వివలెంట్లు. రిపోర్టు మళ్లీ చూసి ఆపై ఇన్సులిన్. ఈ పీహెచ్‌కి బైకార్బొనేట్ అక్కర్లేదు, పైగా అదీ పొటాషియంని దించుతుంది.