రెండో మెట్టు లాగిన్: సర్క్యులర్‌ని వీడియో కోసం మాటల్లోకి మార్చిన స్క్రిప్ట్

మేడమ్,

మీరు పంపిన సర్క్యులర్‌ని కెమెరా ముందు మీరు మామూలుగా మాట్లాడినట్టు తిరగరాశాను. పోల్చి చూసుకోడానికి పాతది కూడా ఇక్కడే ఉంచుతున్నా:

"సంస్థ సిబ్బంది యావన్మందికి ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సమాచార భద్రతా ప్రమాణములను పటిష్ఠపరచు ఉద్దేశముతో, సంస్థ ఈమెయిల్ మరియు అనుబంధ వ్యవస్థలలోనికి ప్రవేశించుటకు ద్విదశల ధ్రువీకరణ విధానము వచ్చే నెల 10వ తేదీ నుండి తప్పనిసరి చేయబడినది. సదరు గడువులోగా నమోదు చేసుకొనని సిబ్బంది యొక్క ప్రవేశ హక్కులు నిలిపివేయబడును. ధ్రువీకరణ సంకేతములను ఇతరులతో పంచుకొనుట నిషిద్ధము. ఉల్లంఘించిన వారిపై తగు క్రమశిక్షణా చర్యలు గైకొనబడును. కావున సిబ్బంది సహకరించగలరు."

ఇందులో ఎందుకు చేస్తున్నామో ఒక్క ముక్క లేదు, ఫోన్ పోతే ఏం చేయాలో లేదు. జనం ముందు అడిగేవి ఆ రెండే కాబట్టి వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను. క్రమశిక్షణా చర్యల వాక్యం మొత్తం తీసేశాను, అది పాలసీలో ఎలాగూ ఉంది, పైగా దాన్ని నవ్వుతూ చెప్పినా సీరియస్‌గా చెప్పినా ఎబ్బెట్టుగానే ఉంటుంది. అకౌంట్స్‌లో ఒకరు దొంగ లింక్ నొక్కిన సంగతి వీడియోలో చెప్పొచ్చా అని ఆ మనిషినే అడిగాను, పేరు రాకపోతే సరే అన్నారు. బ్రాకెట్లలో ఉన్నవి చదవడానికి కాదు, షూటింగ్ కోసం. నోరు తిరగని చోట మీ మాటలోకి మార్చేసుకోండి, తేదీ ఒక్కటి మారకపోతే చాలు.

స్క్రిప్ట్

[టేబుల్ వెనక వద్దు, మామూలు కుర్చీలో. ఫోన్ చేతిలో ఉండాలి.]

అందరికీ నమస్తే. ఐటీ వాళ్ల వీడియో అనగానే సగం మంది స్పీడ్ పెంచేస్తారని నాకు తెలుసు, నేనూ అదే చేస్తాను కాబట్టి ఏమీ అనుకోను. అందుకే అసలు విషయం ముందే చెప్పేస్తున్నా. వచ్చే నెల 10వ తేదీ నుంచి మన మెయిల్ గానీ, జీతాల పోర్టల్ గానీ, సెలవుల పేజీ గానీ తెరవాలంటే పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోదు. పాస్‌వర్డ్ కొట్టాక, మీ ఫోన్‌లో కనిపించే ఆరంకెల కోడ్ కూడా కొట్టాలి.

ఉన్న పనులు చాలవన్నట్టు ఇదొకటి నెత్తిన పెట్టారు అనుకుంటున్నారు కదా. అనుకోవడంలో తప్పులేదు. ఎందుకు పెట్టాల్సొచ్చిందో వినండి.

పోయిన నెలాఖర్లో మన అకౌంట్స్‌లో ఒకరికి మెయిల్ వచ్చింది, "మీ శాలరీ స్లిప్‌లో సవరణ ఉంది, ఒకసారి చూడండి" అని. లింక్ నొక్కితే అచ్చం మన లాగిన్ పేజీయే. అదే లోగో, అదే రంగు, పైన అడ్రస్‌లో మాత్రం ఒక్క అక్షరం తేడా. నెలాఖరు హడావుడిలో, జీతం మాట వినపడగానే, అక్షరాలు లెక్కపెట్టుకుంటూ ఎవరు కూర్చుంటారు చెప్పండి? పాస్‌వర్డ్ కొట్టేశారు. ఆ టైమ్‌లో నాకొచ్చినా నేనూ కొట్టేదాన్నేమో.

ఆ రాత్రే ఎవరో ఆ పాస్‌వర్డ్‌తో ఆ మెయిల్‌లోకి దర్జాగా వచ్చేశారు. వచ్చి ఏమీ పాడుచేయలేదు, ఏదీ డిలీట్ చేయలేదు. సెట్టింగ్స్‌లో ఒక చిన్న రూల్ పెట్టి వెళ్లిపోయారంతే. "ఇన్‌వాయిస్" అనే మాట ఉన్న ప్రతి మెయిల్ ఒక కాపీ బయటి అడ్రస్‌కి పోవాలి, అదీ ఆ రూల్. ఇలాంటి మోసాల్లో తరచూ జరిగేది ఇదే. చడీచప్పుడూ లేకుండా కొన్నాళ్లు చదువుతారు, ఎవరికి ఎంత కట్టాలో, ఎప్పుడు కట్టాలో తెలుసుకుంటారు, సరిగ్గా డబ్బు వెళ్లే సమయానికి సప్లయర్ పేరుతో ఒక మెయిల్ కొడతారు: "మా బ్యాంక్ అకౌంట్ మారింది, ఈసారి ఇందులో వేయండి." వేశామంటే ఆ డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం.

మనకి అంతదాకా రాలేదు. ఎందుకు రాలేదంటే, మర్నాడు పొద్దున్నే ఆ మనిషే మాకు ఫోన్ చేసి, "నిన్న నేను నొక్కింది ఎందుకో తేడాగా అనిపిస్తోందండీ" అన్నారు. తిడతారేమో అని ఊరుకోలేదు. పది నిమిషాల్లో పాస్‌వర్డ్ మార్చాం, ఆ రూల్ తీసేశాం. మీరు ఈ వీడియో చూస్తుంటే, మీకు నిజంగా చాలా థాంక్స్.

[ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. తర్వాత ఫోన్ చూపించాలి.]

అదే ఆ రోజు ఈ కోడ్ ఉండుంటే, దొంగ చేతిలో పాస్‌వర్డ్ ఉన్నా రాత్రికి లోపలికి రాలేకపోయేవాడు. బయట తాళం తీసినా లోపల గడియ పెట్టి ఉన్నట్టు.

సరే, ఇది ఎలా పనిచేస్తుంది? మీ ఫోన్‌లో ఒక ఆథెంటికేటర్ యాప్ వేసుకుంటారు. మొదటిసారి కంప్యూటర్ తెర మీద వచ్చే క్యూఆర్ కోడ్‌ని దాంతో స్కాన్ చేస్తారు. అప్పుడు ఒక రహస్య సంఖ్య మీ ఫోన్‌లోకి వస్తుంది, అదే సంఖ్య మా సర్వర్ దగ్గరా ఉంటుంది. ఆ సంఖ్యని, అప్పటి టైమ్‌ని కలిపి రెండూ ఎవరి లెక్క అవి వేసుకుంటాయి, రెండింటికీ ఒకే ఆరంకెలు వస్తాయి. 30 సెకన్లకోసారి మారిపోతాయి. లెక్క ఫోన్‌లోనే జరుగుతుంది కాబట్టి కోడ్ రావడానికి సిగ్నల్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. బేస్‌మెంట్‌లో ఉన్నా వస్తుంది, విమానంలో ఉన్నా వస్తుంది.

ఒక్క మెలిక ఉంది. టైమ్‌తో వేసే లెక్క కదా, మీ ఫోన్ గడియారం తప్పుగా ఉంటే కోడ్ సరైంది కొట్టినా తప్పు అంటుంది. కొందరు ఆలస్యం కాకూడదని గడియారాన్ని పది నిమిషాలు ముందుకి పెట్టుకుంటారు, వాళ్లు నాకు తెలుసు. [నవ్వొచ్చు.] ఫోన్‌లో తేదీ, టైమ్ ఆటోమేటిక్‌లో పెట్టుకోండి, గొడవ వదిలిపోతుంది.

రోజూ అడుగుతుందా అంటే, లేదు. మీ ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో "ఈ కంప్యూటర్‌ని గుర్తుంచుకో" అని టిక్ పెడితే 30 రోజులకోసారి అడుగుతుంది. గోడౌన్‌లో, రిసెప్షన్‌లో నలుగురూ వాడే కంప్యూటర్లు ఉన్నాయి కదా, అక్కడ మాత్రం దయచేసి ఆ టిక్ పెట్టొద్దు.

ఇప్పుడు అందరూ మనసులో అనుకుని పైకి అడగనిది: "నా సొంత ఫోన్‌లో కంపెనీ యాప్ ఎందుకు? నా ఫోటోలు, చాటింగులు చూస్తారా?" చూడం, చూడలేం. ఇది కంపెనీ తయారుచేసిన యాప్ కాదు, కోడ్ చూపించడం తప్ప దాంతో మాకు వేరే పని లేదు. కెమెరా పర్మిషన్ అడుగుతుంది, అది ఆ క్యూఆర్ స్కాన్ చేయడానికి. స్కాన్ అయిపోయాక ఆ పర్మిషన్ తీసేసుకున్నా కోడ్‌లు వస్తూనే ఉంటాయి. ఇంత చెప్పినా నా ఫోన్‌లో వద్దు అనిపిస్తే, లేదా స్మార్ట్‌ఫోనే లేకపోతే, మా డెస్క్‌కి రండి. యూఎస్‌బీలో పెట్టే చిన్న కీ ఇస్తాం, తాళాల గుత్తికి తగిలించుకోవచ్చు. ఎందుకు వద్దు అని కారణం అడగం, సంతకం చేసి తీసుకెళ్లడమే.

ఫోన్ పోతే? దీని మీదే ఎక్కువ టెన్షన్ పడుతున్నారని తెలుసు. సెటప్ చివర్లో మీకు పది కోడ్‌లు వస్తాయి, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసుకుని ఇంట్లో బీరువాలో పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచితే ఫోన్‌తో పాటు అవీ పోతాయి. ఆ కాగితం కూడా దొరక్కపోతే మాకు ఫోన్ చేయండి, మీరు మీరేనని చూసుకుని మళ్లీ మొదట్నుంచి పెట్టిస్తాం. కొంచెం టైమ్ పడుతుంది, విసుక్కోకండి. ఆ చూసుకోవడం లేకపోతే మీ పేరు చెప్పుకుని ఎవడైనా ఫోన్ చేసేస్తాడు కదా. ఇంకోటి, కొత్త ఫోన్ కొంటే పాతది ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చే ముందే యాప్‌ని కొత్తదానికి మార్చుకోండి. ముందు పాత ఫోన్ మొత్తం తుడిచేసి తర్వాత మా దగ్గరికి పరిగెత్తుకొస్తే పని రెట్టింపు.

[ఇక్కడ నేరుగా కెమెరాలోకి.]

ఈ ఒక్కటీ స్పీడ్ తగ్గించి వినండి. ఆ ఆరంకెలు మిమ్మల్ని ఎవరూ అడగరు. మా టీమ్ అడగదు, హెచ్‌ఆర్ అడగదు, మీ మేనేజర్ అడగరు, నేను అడగను. "ఐటీ నుంచి మాట్లాడుతున్నా, అర్జెంటు, మీ కోడ్ చెప్పండి" అని నా గొంతుతోనే ఎవరైనా ఫోన్ చేసినా సరే, పెట్టేయండి. మర్యాద తక్కువేమో అని మొహమాటపడొద్దు, నిజంగా నేనే అయితే ఏమీ అనుకోను.

ఇది పెట్టుకుంటే ఇక ఏ భయమూ లేదు అని మాత్రం నేను చెప్పను. దొంగ పేజీలో పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా కొడితే, అవతలివాడు ఆ కొద్ది సెకన్లలోనే దాన్ని వాడేసుకోగలడు. అలాంటివీ జరుగుతున్నాయి. అందుకని మెయిల్‌లో వచ్చిన లింక్ నుంచి లాగిన్ అవ్వొద్దు, మీరు సేవ్ చేసుకున్న పేజీ నుంచే వెళ్లండి. పొరపాటున కొట్టేశారా? ఆ క్షణమే ఫోన్ చేయండి. రాత్రి రెండైనా చేయండి. ఎందుకు నొక్కావు అని ఇక్కడ ఎవరూ అడగరు, ఎప్పుడు నొక్కారు అని మాత్రం అడుగుతాం, ఎందుకంటే మా పరుగు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక 10వ తేదీ సంగతి. ఆ రోజుకి సెటప్ చేసుకోకపోతే మెయిల్ తెరుచుకోదు, అది నిజం, దాన్ని తీపిగా చెప్పే దారి నాకు దొరకలేదు. మీ మెయిల్స్ ఏవీ పోవు, సెటప్ అవ్వగానే అన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఆ వారం సెలవులో ఉండేవాళ్లు వెళ్లేముందే చేసుకోండి. నైట్ షిఫ్ట్ వాళ్ల కోసం 10 దాకా రాత్రి పూట కూడా మా వాళ్లు ఇద్దరు డెస్క్ దగ్గర ఉంటారు. ఫోన్లు అంతగా అలవాటు లేని పెద్దవాళ్లు మీ టీమ్‌లో ఉంటే పక్కన కూర్చుని చేయించండి, మాకు చాలా సాయం చేసినవాళ్లవుతారు. కాకపోతే ఆ పది కోడ్‌లు వాళ్లే రాసుకోవాలి, మీరు రాసిపెట్టొద్దు.

ఐటీ డెస్క్ నంబర్ మీ ఐడీ కార్డ్ వెనకే ఉంది. సెటప్ లింక్ ఈ వీడియో ఉన్న పేజీలోనే కింద పెట్టాం, మెయిల్‌లో పంపట్లేదు, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. వీడియో అయిపోయింది, ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది, ఇప్పుడే పెట్టేసుకోండి.