ప్రసూతి సెలవు ఆరు వారాలు పొడిగించమని హెచ్‌ఆర్‌కు లేఖ

తేదీ: ఫిబ్రవరి 18, 2026

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

విషయం: పాప తుంటి కీలు చికిత్స కారణంగా ప్రసూతి సెలవును మార్చి 16 నుంచి ఏప్రిల్ 24 వరకు పొడిగించమని విన్నపం

నమస్కారం మేడమ్.

నా ప్రసూతి సెలవు మార్చి 13, శుక్రవారంతో అయిపోతుంది. ఆ తర్వాతి సోమవారం డ్యూటీలో చేరాలి. మా పాపకు ఎడమ తుంటి కీలులో సమస్య బయటపడి ఈ నెల 9 నుంచి చికిత్స జరుగుతోంది. అది ఏప్రిల్ మూడో వారం దాకా సాగుతుందని ఆర్థోపెడిక్ డాక్టర్ గారు రాసిచ్చారు. అందుకని నాకు ఇంకో ఆరు వారాలు సెలవు కావాలి. ఏప్రిల్ 27, సోమవారం ఉదయం డ్యూటీలో చేరతాను.

సమస్య ఏమిటో కాస్త వివరంగానే రాస్తున్నాను. పేరు చూసి ఇదేదో చిన్న విషయం అనిగానీ, మరీ భయంకరమైనది అనిగానీ అనుకునే వీలుంది. రెండూ కాదు. పాప కడుపులో ఎదురుకాళ్లతో ఉండటంతో సిజేరియన్ చేశారు. ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డలకు, అందులోనూ ఆడపిల్లలకు, తుంటి కీలు సరిగ్గా కుదురుకోకపోవడం కొంచెం ఎక్కువట. అందుకే ఆరో వారంలో అల్ట్రాసౌండ్ తీశారు. అప్పుడు ఎడమ వైపు అనుమానంగా ఉంది, అయితే ఆ వయసులో చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది కాబట్టి కొన్నాళ్లు ఆగి మళ్లీ చూద్దామన్నారు. ఈ నెల 9న మళ్లీ తీస్తే సర్దుకోలేదని తేలింది. తొడ ఎముక పైభాగం కూర్చోవాల్సిన గుంట లోతు తక్కువగా ఉంది, ఎముక అందులో స్థిరంగా నిలవడం లేదు. దీన్ని డిస్‌ప్లేజియా అంటారు. పాపకు నొప్పేమీ లేదు, చూడటానికి ఏ తేడా కనిపించదు. ఇప్పుడు వదిలేస్తే మాత్రం నడక వచ్చాక కుంటవచ్చు, ముందుముందు కీలు త్వరగా అరిగిపోవచ్చు.

దీనికి చికిత్స పావ్లిక్ హార్నెస్. భుజాల మీదుగా వచ్చే పట్టీలతో రెండు కాళ్లనూ మోకాళ్ల దగ్గర మడిచి, పక్కలకు తెరిచి ఉంచే మెత్తటి కట్టు. ఎముక గుంటలో సరైన చోట కొన్ని వారాలు నిలిస్తే దాని చుట్టూ గుంట తనంతట తానే లోతుగా పెరుగుతుంది. ఆరు నెలల లోపు పిల్లలకే ఇది బాగా పనిచేస్తుంది. ఆ వయసు దాటితే మత్తిచ్చి కీలు సర్ది, నడుము నుంచి కాళ్ల దాకా పిండికట్టు వేయాల్సి రావచ్చు. మా పాపకు ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది. మేము తొందరపడుతున్నది అందుకే. ఈ సెలవు ఇంకో రెండు మూడు నెలల తర్వాత తీసుకుంటే ఉపయోగం ఉండదు.

ఇంట్లో ఇంకెవరైనా చూసుకోలేరా అని మీరు అడగకపోయినా, సెలవు మంజూరు చేసేవారికి ఆ ప్రశ్న వస్తుంది. హార్నెస్ ఇరవై నాలుగు గంటలూ ఒంటి మీదే ఉండాలి. స్నానానికి కూడా విప్పకూడదు, తడిగుడ్డతో తుడవడమే. డైపర్ మార్చేటప్పుడు అందరం అలవాటుగా చేసేట్టు రెండు మడమలు పట్టుకుని కాళ్లు పైకెత్తకూడదు. పిరుదుల కింద అరచెయ్యి పెట్టి మొత్తం ఒళ్లంతా కొద్దిగా లేపి, డైపర్‌ను పట్టీల కిందనుంచి జరపాలి. మోకాలి వెనక, మెడ దగ్గర మడతల్లో పట్టీ ఒరుసుకుని చర్మం ఎర్రబడిందేమో పూటకోసారి చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎడమ కాలు మామూలుగా తన్నుతోందో లేదో కనిపెట్టి ఉండటం. పట్టీ బిగుసుకుని తొడ దగ్గరి నరం మీద ఒత్తిడి పడితే మోకాలు చాచడం ఆపేస్తుంది. అలా అనిపిస్తే మరునాటి దాకా ఆగకుండా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. పిల్ల పెరుగుతున్న కొద్దీ పట్టీల పొడవు మారుస్తుండాలి, అది మేము ముట్టుకోకూడదు. అందుకే ప్రతి సోమవారం ఉదయం ఆసుపత్రికి వెళ్తున్నాం.

మార్చి 16 నుంచి పాపను క్రెష్‌లో వేయాలని ముందే సీటు మాట్లాడుకున్నాం. హార్నెస్ సంగతి చెప్పగానే, అది తీసేదాకా మేము తీసుకోలేమన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఒక్కొక్కరు నలుగురైదుగురు పిల్లల్ని చూసుకునే చోట ఈ కాలు తన్నిందా లేదా అని కనిపెట్టమంటే ఎవరు ఒప్పుకుంటారు? మా అత్తగారు సాయంగా ఉన్నారు, కానీ ఆవిడకు నడుము నొప్పి. కాళ్లు మడిచి పక్కలకు తెరిచి ఉన్న బిడ్డను మంచం మీంచి ఎత్తాలంటే వంగి రెండు చేతులా పట్టుకోవాలి, అది ఆవిడ వల్ల కాదు. మా వారు తన సెలవులు చాలావరకు కాన్పు సమయంలోనే వాడేశారు. సోమవారాలు మాత్రం షిఫ్టు మార్చుకుని ఆసుపత్రికి వస్తున్నారు.

ఏప్రిల్ 6న మళ్లీ అల్ట్రాసౌండ్ ఉంది. అప్పటికి హార్నెస్ వేసి ఎనిమిది వారాలు అవుతుంది. ఫలితం బాగుంటే అప్పటినుంచి పగటిపూట కొన్ని గంటలు తీస్తూ, నెమ్మదిగా రాత్రులకే పరిమితం చేస్తారు. పగటిపూట హార్నెస్ లేకపోతే క్రెష్ వాళ్లకు అభ్యంతరం లేదు. అలవాటు పడటానికి ఏప్రిల్ 20 నుంచి వారం రోజులు రోజుకు కాసేపు పాపను అక్కడ ఉంచుతాం. 27వ తేదీ అని నేను రాసింది ఈ లెక్కతోనే, ఏదో గుండ్రంగా చెప్పింది కాదు. ఒకవేళ ఏప్రిల్ 6 స్కాన్‌లో మార్పు కనబడకపోతే చికిత్స వేరే దారి పడుతుంది. అలాగైతే ఆ సాయంత్రమే మీకు మెయిల్ పెడతాను, చివరి వారం దాకా నాన్చను. ఇప్పటివరకైతే డాక్టర్ గారు ధైర్యంగానే ఉన్నారు.

ఇక సెలవు లెక్క. ఈ ఆరు వారాల్లో 30 పనిదినాలు వస్తాయి. పోర్టల్‌లో నా ఖాతాలో 14 ఆర్జిత సెలవులు కనిపిస్తున్నాయి, ముందుగా అవి వాడండి. మిగతా 16 రోజులకు మన పాలసీలో జీతంతో ఇచ్చే వీలు ఏదైనా ఉంటే, ఉదాహరణకు బిడ్డ అనారోగ్యం కింద ప్రత్యేక సెలవుగానీ, నా సిక్ లీవ్‌ను ఇందుకు వాడుకునే అనుమతిగానీ, దయచేసి చూడండి. లేకపోతే జీతం నష్టం మీదైనా ఇవ్వండి, అందుకు నాకు సమ్మతమే. జీతం లేని రోజులు ఉంటే ఆ నెల నా గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఎలా కట్టాలో కూడా చెప్పండి. పాప పేరు ఆ పాలసీలోనే ఉంది కాబట్టి ఒక్క రోజు కూడా అది ఆగకుండా చూసుకోవాలి. నాకు ఉన్న టెన్షన్లలో ఇది పెద్దది.

ఇంటి నుంచి సగం పూట పనిచేస్తానని చెబుదామని మొదట అనుకున్నాను. పది రోజులు హార్నెస్‌తో గడిపాక ఆ మాట ఇవ్వలేననిపిస్తోంది. పాప నిద్ర ఇప్పుడు ముక్కలు ముక్కలుగా ఉంటోంది. పక్కకు ఒత్తిగిల్లే వీలు లేక తరచూ లేచి ఏడుస్తోంది. మీటింగ్ మధ్యలో లేచి వెళ్లిపోయే మనిషి టీమ్‌కు సాయం కాకపోగా అడ్డమవుతుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం కంటే ఆరు వారాలు పూర్తిగా సెలవులో ఉండి ఆ తర్వాత పూర్తిగా రావడమే అందరికీ మేలు. ఫోన్‌లో తేలిపోయే చిన్న సందేహాలకు మాత్రం నేను ఎప్పుడూ అందుబాటులో ఉంటాను. మధ్యాహ్నం రెండు తర్వాత చేస్తే మాట్లాడే వీలు ఎక్కువ.

మా పర్చేజ్ మేనేజర్ గారితో సోమవారం ఆసుపత్రి నుంచి వచ్చాక ఫోన్‌లో మాట్లాడాను. ఆయనకు అభ్యంతరం లేదు, అయితే మీ నిర్ణయం రాతపూర్వకంగా కావాలన్నారు. నా స్థానంలో పనిచేస్తున్న సహోద్యోగి మార్చి 16న తన పాత సెక్షన్‌కు తిరిగి వెళ్లాల్సి ఉంది. ఆమెను ఏప్రిల్ ఆఖరు దాకా ఉంచడం వీలైతే అదే మంచిది, ఎందుకంటే ఏప్రిల్‌లో గడువు తీరే సప్లయర్ కాంట్రాక్టులన్నీ ఇప్పుడు ఆమె చేతుల మీదుగానే నడుస్తున్నాయి. ప్యాకింగ్ మెటీరియల్ సప్లయర్‌తో రేటు సంగతి ఒకటి నేను సెలవు పెట్టే ముందు మొదలుపెట్టాను. దాని వెనకటి మెయిళ్లు, మేము ఎక్కడిదాకా దిగవచ్చో రాసుకున్న నోట్ ఆమెకు ఈ వారంలో పంపిస్తాను. ఆమెను ఉంచలేకపోతే ఎవరు వస్తారో చెప్పండి. మార్చి 13లోపు వాళ్లకు ఒక గంట వీడియో కాల్‌లో ఫైళ్లన్నీ చూపిస్తాను. సెక్షన్ మార్పులకు రెండు వారాలు ముందు చెప్పాలి కాబట్టి ఫిబ్రవరి 27లోపు మీ జవాబు వస్తే అందరికీ సౌకర్యంగా ఉంటుంది.

ఇంకో మాట. పాప వైద్య వివరాలు మీ దగ్గర, మంజూరు చేసేవారి దగ్గర ఉంటే చాలు. ఆఫీసులో ఎవరైనా అడిగితే సెలవు పొడిగించుకుందని మాత్రం చెప్పండి. అందరూ ఆప్యాయంగానే అడుగుతారని నాకు తెలుసు, కానీ ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పుకొచ్చే ఓపిక ఇప్పుడు లేదు.

ఈ మెయిల్‌తో డాక్టర్ గారి సర్టిఫికెట్, ఫిబ్రవరి 9 నాటి స్కాన్ రిపోర్టు జతచేశాను. చికిత్స కాలమంతా బిడ్డ దగ్గర పూర్తి సమయం ఒకరు ఉండాలని సర్టిఫికెట్‌లో రాశారు. ఆరో వారం స్కాన్ కాపీ కూడా కావాలంటే పంపిస్తాను. పోర్టల్‌లో అప్లై చేయబోతే ప్రసూతి సెలవు ముగిసే తేదీకి తర్వాతి తేదీలు తీసుకోవడం లేదు. మీ వైపు నుంచి అది తెరిస్తే అదే రోజు ఫారం నింపుతాను.

ఇట్లు,
లావణ్య
సీనియర్ ఎగ్జిక్యూటివ్, పర్చేజ్ విభాగం

జతపరిచినవి: ఆర్థోపెడిక్ డాక్టర్ సర్టిఫికెట్, అల్ట్రాసౌండ్ రిపోర్టు