పైపుల రోడ్డు తల్లి

ఫొటో పెద్ద బాబాయ్ పెట్టాడు. మెడలోతు నీళ్లలో ఒక తల్లి. నెత్తిన వెదురు తట్ట, తట్టలో పొత్తిగుడ్డల మధ్య నెలల పసివాడు. పైన కుండపోత వాన. తల్లి కళ్లు సూటిగా చూసేవాళ్లనే చూస్తున్నాయి. కింద రాసి ఉంది: "విజయవాడ సింగ్ నగర్ పైపుల రోడ్డులో రెండు రోజులుగా ఈ తల్లి ఒంటరి పోరాటం. టీవీల్లో చూపించరు. మీ ఒక్క షేర్ రెండు ప్రాణాలు నిలబెడుతుంది."

ఐదు నిమిషాల్లో గ్రూపు నిండిపోయింది. కృష్ణాష్టమి వెళ్లి వారమే అయింది కాబట్టి అందరికీ ఒకటే తోచింది. "యమునలో వసుదేవుడిలా ఉంది తల్లి" అని తెనాలి నుంచి నాన్న. దణ్ణాలు, ఏడుపు బొమ్మలు. బెంగళూరులో ఉన్న వదిన అప్పుడే తన అపార్ట్‌మెంట్ గ్రూపుకి పంపేసింది. పెద్ద బాబాయ్ తన ఆఫీసు గ్రూపులు మూడింటికీ పంపాడు.

అది 2024 సెప్టెంబర్ 3, మంగళవారం. ఆదివారం నాడు బుడమేరు వాగు గండ్ల నుంచి నీళ్లు ఊరి మీద పడ్డాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు ప్రవాహంతో పరుగెత్తుతుంటే, బుడమేరు నీళ్లు మాత్రం సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ఇళ్లలోకి వచ్చి అక్కడే నిలిచిపోయాయి.

కీర్తన హైదరాబాద్‌లో బీటెక్ మూడో సంవత్సరం. హాస్టల్లో మంచం మీద బ్యాగు సర్దుకుని కూర్చుంది కానీ వెళ్లే దారి లేదు. కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. వాళ్ల అత్త ఉండేది పాయకాపురంలోనే. ఇంటి పైవాటాలో. కరెంటు లేదు, అందుకని అత్త ఫోను రోజంతా ఆపేసి, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి కాసేపు ఆన్ చేస్తోంది. ఆ పొద్దున కూడా ఒక ఫొటో పెట్టింది. చీకటి మెట్లు, అంచున అత్త బొటనవేలు, కింద నల్లగా నీళ్లు. "నాలుగో మెట్టు దాకా ఉన్నాయి. కింది వాటా వాళ్లు, పక్కింటి వాళ్లు మా దగ్గరే ఉన్నారు. మాకేం ఫర్వాలేదు. పాలే దొరకట్లేదు." దానికి రెండు బొటనవేలి గుర్తులు వచ్చాయి. ఒకటి కీర్తనది.

చిన్న బాబాయ్ పటమటలో ఉంటాడు. అటువైపు నీళ్లు రాలేదు. స్నేహితులతో కలిసి ఒక ట్రాక్టర్ మాట్లాడి పాలప్యాకెట్లు, నీళ్ల సీసాలు, పులిహోర పొట్లాలు వేసుకుని బయల్దేరాడు. ముందు అక్క వాళ్ల వీధికే అనుకున్నాడు. ఫ్లైఓవర్ దగ్గరికి వచ్చేసరికి నాన్న ఫోన్ చేశాడు. "అక్క పైవాటాలో క్షేమంగానే ఉందిరా. ముందు ఆ బిడ్డ తల్లి సంగతి చూడు. నాయనమ్మ పొద్దున్నించీ అన్నం ముట్టలేదు."

పైపుల రోడ్డు చాలా పొడుగు. ఏ మూలని వెతుకుతాడు పాపం బాబాయ్? అలా అనుకునే కీర్తన ఫొటో తెరిచి పెద్దది చేసింది. తల్లి వెనకాల ఒక షాపు బోర్డు సగం కనిపిస్తోంది. దాని పేరు చదివి బాబాయ్‌కి చెబితే చోటు దొరుకుతుంది కదా అని.

బోర్డు మీద ఎర్ర రంగులో గుండ్రటి అక్షరాలున్నాయి. మొదటిది 'శ్రీ' అయ్యుంటుందనుకుంది. కాదు. 'క్ష'లా మొదలై మధ్యలో ఎటో తిరిగింది. రెండో దానికి తలకట్టు ఉంది, కింద అక్షరమే లేదు. మూడోది 'ల'కీ 'ఖ'కీ మధ్య ఏదో. ఫోను తిప్పి చూసింది, దూరంగా పెట్టి చూసింది. పక్క మంచం మీద చదువుకుంటున్న శ్రావణికి ఇచ్చింది.

"ఇది చదువే."

శ్రావణిది హనుమకొండ. కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది. "తెలుగేనానే ఇది? కన్నడమా?"

"కన్నడం కూడా కాదు."

ఇద్దరూ తలలు ఆనించి మళ్లీ పెద్దది చేశారు. ఇప్పుడు ఒక్కొక్కటే బయటపడసాగాయి. కరెంటు స్తంభం నుంచి బయల్దేరిన తీగ ఆకాశం మధ్యలో ఆగిపోయింది. అంత వానలో తల్లి జాకెట్టు భుజాలు పొడిగా ఉన్నాయి. తట్టను పట్టుకున్న కుడిచేతి వేళ్లు వెదురు అల్లికలోకి కలిసిపోయాయి, ఎక్కడ వేలు అయిందో ఎక్కడ తట్ట మొదలైందో తెలియదు. పసివాడి ముఖం మాత్రం చక్కగా, క్యాలెండరు బొమ్మలా ఉంది. మూడు రోజులుగా పాలు దొరకని ఊళ్లో బిడ్డ ముఖం అలా ఉండదు.

శ్రావణి గూగుల్ లెన్స్‌లో వేసింది. అదే తల్లి, అదే తట్ట, ఒక గుజరాతీ పేజీలో. కింద వడోదర వరదలని ఉంది. తేదీ ఆగస్టు 28. బుడమేరు పొంగడానికి నాలుగు రోజుల ముందు. అక్కడి బొమ్మ కాస్త పెద్దది, కింది మూల కోసేయలేదు. ఆ మూలన ఏఐతో తయారుచేసిన బొమ్మ అని చిన్న అక్షరాల్లో ముద్ర ఉంది. ఎవరో ముద్ర కత్తిరించి, వడోదర తీసేసి, పైపుల రోడ్డు పెట్టారు.

కీర్తనకి ముందు కోపం రాలేదు. భయం వేసింది. బాబాయ్ ఎన్నింటికి బయల్దేరాడు? పదకొండున్నరకి. ఇప్పుడు మూడు దాటింది.

ఆ గుజరాతీ పేజీ, బోర్డు ముక్క, వేళ్ల ముక్క గ్రూపులో పెట్టింది. "ఇది నిజం ఫొటో కాదు. కంప్యూటర్ చేసిన బొమ్మ. ఈ తల్లి ఎక్కడా లేదు. దయచేసి ఎవరికి పంపారో వాళ్లందరికీ చెప్పండి."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మెసేజ్ ఇన్ఫోలో చూసినవాళ్ల పేర్లు మాత్రం ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. తర్వాత పెద్ద బాబాయ్ రాశాడు. "సరేనమ్మా. ఫొటో ఉత్తదే అయినా అక్కడ బాధ నిజమేగా. చూసి నలుగురు సాయం చేస్తే మంచిదే."

వెంటనే నాన్న ఫోన్. "ఈ టైంలో ఇవన్నీ అవసరమా అమ్మలూ? బాబాయ్ చిన్నబుచ్చుకుంటాడు."

"నాన్నా, చిన్న బాబాయ్ ఎక్కడున్నాడు?"

అవతల నాన్న ఏమీ అనలేదు.

"లేని మనిషి కోసం వెతుకుతున్నాడు నాన్నా. ట్రాక్టర్ నిండా పాలు పెట్టుకుని."

బాబాయ్ ఫోను కలవలేదు. టవర్లు సరిగా పనిచేయట్లేదు. శ్రావణి తన ఫోన్లోంచి, కీర్తన తన ఫోన్లోంచి మార్చి మార్చి చేస్తూనే ఉన్నారు. నాలుగింటికి కలిసింది. నీళ్ల చప్పుడు, పైన హెలికాప్టర్ మోత, ఎవరో "పాలు బాబూ, పాలు" అని అరుపు.

"బాబాయ్, ఆ తల్లిని వెతకొద్దు. అది ఏఐ ఫొటో. వారం కిందట గుజరాత్‌లో పెట్టిన బొమ్మ."

"ఏంటీ?"

మళ్లీ చెప్పింది. బోర్డు మీద అక్షరాలు లేవని కూడా చెప్పింది. బాబాయ్ వెంటనే ఏమీ అనలేదు. ఆయన మామూలుగా పెద్దగా మాట్లాడే మనిషి, ఫోన్లో అయితే మరీను. ఇప్పుడు మెల్లగా మాట్లాడాడు.

"ఆ ఫొటో ప్రతి మేడ కిందా నిలబడి చూపించానే. ఒకాయన ఇటు అన్నాడు, ఇంకొకాయన అటు అన్నాడు. వాళ్ల ఫోన్లలోనూ అదే ఉంది, చూశాం చూశాం అంటున్నారు. ఆ చివర ఉందేమోనని మూడు వీధులు ఆగకుండా దాటుకుంటూ వచ్చేశాం. బాల్కనీల్లోంచి తాళ్లు కట్టి బకెట్లు దించుతున్నారు కీర్తనా. వచ్చేటప్పుడు ఇస్తాం, అక్కడ పసిబిడ్డ ఉన్నాడు అని చెప్పి వచ్చాను. సరేనయ్యా, ముందు ఆ బిడ్డకే ఇవ్వు అన్నారు వాళ్లు."

పెద్ద బాబాయ్‌కి చెప్పాల్సింది ఇదే అనుకుంది కీర్తన. ఆ బాల్కనీల్లో వాళ్లు ఖాళీ బకెట్లు పైకి లాక్కున్నది ఆ బొమ్మని చూసే.

"ఇప్పుడు వెనక్కి వెళ్తున్నావా?"

"ఆ వీధులకే వెళ్తున్నా. తర్వాత అక్క వాళ్ల దగ్గరికి. అక్కడ ఎంతమంది ఉన్నారో సరిగ్గా కనుక్కో. నా ఫోను చార్జింగ్ లేదు."

అత్త ఫోను ఆరింటికి గానీ ఆన్ అవ్వదు. ఈలోగా నాయనమ్మ. నాన్న చేత స్పీకర్ పెట్టించింది.

"నాయనమ్మా, ఆ తట్టలో బిడ్డ లేడు. అసలు ఆ తల్లే లేదు. అదంతా గీసిన బొమ్మ లాంటిది."

"లేరా?" నాయనమ్మ గొంతు బొంగురుపోయి ఉంది. "అయితే మునగలేదన్నమాట."

"మునగలేదు."

"చల్లని మాట చెప్పావే తల్లీ." కాసేపాగి, "మరి బొమ్మయితే అట్లా చూస్తుందేంటే, నా కూతురు చూసినట్టు?" అంది.

ఆ ప్రశ్నకి కీర్తన దగ్గర జవాబు లేదు. "అత్త ఫొటో పెట్టింది నాయనమ్మా పొద్దున. నువ్వు చూశావా?" అని అడిగింది. చూడలేదట. నాన్న చూపించాడు. చీకట్లో ఏమీ కనపడట్లేదు అంది నాయనమ్మ. కీర్తన ఫోన్లోనే చెప్పింది. ఆ తెల్లగీత మెట్టు అంచు, దాని కింద నలుపంతా నీళ్లు, పక్కన తేలుతున్నది కింది వాటా వాళ్ల గ్యాస్ సిలిండర్. నాయనమ్మ ఒక్కొక్కటే అడిగి చూసుకుంది. అంతా అయ్యాక, "నాలుగో మెట్టంటే మీ అత్త నడుము లోతు కదే" అంది. తర్వాత నాన్నతో, "కాస్త అన్నం పెట్టరా, మాత్ర వేసుకోవాలి" అంది.

ఆరింటికి అత్త ఫోను మోగింది. కీర్తన కాగితం పెన్ను పట్టుకుని కూర్చుంది. క్షేమమే అనే మాట అత్తని అననివ్వలేదు.

"ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి చెప్పు అత్తా."

"మేం నలుగురం... కింది వాటా ఐదుగురు... పక్కింటివాళ్లు..." లెక్కపెడుతుంటే అత్త గొంతు మారింది. "పదిహేడు మందిమే. ఇద్దరు చంటిపిల్లలు. పక్కింటి పెద్దాయనకి షుగరు, ఇన్సులిన్ రేపటి వరకే ఉంది."

"ఇవి ముందు ఎందుకు చెప్పలేదు?"

"అందరూ ఆ తల్లి గురించి ఏడుస్తుంటే మనదేం కష్టమే అనిపించింది."

కీర్తన కళ్లు తుడుచుకుని రాసుకుంది. ఇంటి గుర్తు, నీలం గేటు, గేటు దాటాక ఎంత లోతు, ఎన్ని పాలు, ఏ ఇన్సులిన్. అత్త సరేనన్నాక ఆ చీకటి ఫొటోతో పాటు గ్రూపులో పెట్టింది. "మా అత్త ఇల్లు. ఫొటో ఈ రోజు పొద్దున అత్త తీసింది. వివరాలు సాయంత్రం ఆరు గంటలకి నేను మాట్లాడి రాసుకున్నవి. సాయం అందగానే ఇక్కడే చెబుతాను, అప్పుడు ఇది పంపడం ఆపేయండి."

అందరికంటే ముందు పెద్ద బాబాయ్ తన మూడు గ్రూపులకీ పంపాడు. పాత ఫొటో కింద "ఇది నిజం కాదు, తెలియక పంపాను, క్షమించండి" అని కూడా రాశాడు. బెంగళూరు వదిన ఏమీ అనలేదు కానీ ఆవిడ గ్రూపులో ఒక డాక్టర్‌గారి తమ్ముడు సింగ్ నగర్ పడవల దగ్గర పనిచేస్తున్నాడని నంబరు పెట్టింది.

ఎనిమిదిన్నరకి ఎవరిదో నంబరు నుంచి చిన్న బాబాయ్ ఫోన్ చేశాడు.

"అక్క వాళ్ల దగ్గరికి వచ్చాం. ట్రాక్టర్ మలుపు దాకే వచ్చింది, అక్కడ్నించి లారీ ట్యూబుల మీద తోసుకొచ్చాం. చంటిపిల్లలకి పాలు ఇచ్చాం. మిగతావాళ్లకి లేవు, దారిలో అయిపోయాయి. పక్క మేడలో ఇంకో ఇరవై మంది ఉన్నారంట. ఇన్సులిన్ సంగతేంటి?"

"రాత్రి పడవలో పంపిస్తానన్నారు. నంబరు చెబుతా, రాసుకో."

"ముందు ఇంకో ట్రాక్టర్ దొరుకుతుందేమో చూడు. గుణదల వైపు ఎవరైనా తెలుసా?"

"కనుక్కుంటా" అని కీర్తన పెట్టేసింది. శ్రావణి అప్పటికే వాళ్ల సీనియర్లలో గుణదల వాళ్లెవరో వెతుకుతోంది.