పెడన కలంకారీ చీరపై మీరు రాసిన సమీక్షకు మా సమాధానం

నమస్కారం అండి.

మా దగ్గర మీరు కొన్న ఎరుపు, నలుపు రంగుల నూలు కలంకారీ చీర గురించి నిన్న రాత్రి మీరు రాసిన సమీక్షను చదివాను. మీ సమీక్షను, మీరు జతచేసిన నాలుగు ఫోటోలను, మీకూ మా సహాయకుడికీ మధ్య నడిచిన సందేశాలను, మీరు కొన్న రోజున ఆ చీర పక్కన మేము రాసి ఉంచిన వివరాలను పక్కపక్కన పెట్టుకుని చూసుకున్న తర్వాతే ఈ సమాధానం రాస్తున్నాను. ఇది అందరూ చదివే చోటు కాబట్టి మీ పేరు గానీ, ఊరు గానీ, ఆర్డరు సంఖ్య గానీ ఇందులో ప్రస్తావించను.

శ్రావణ శుక్రవారం మీ వదినగారికి పెట్టడానికి తెప్పించిన చీర విషయంలో ఇలా జరగడం, నలుగురిలో మీకు ఇబ్బంది కలగడం మాకు నిజంగా బాధగా ఉంది. చీర కోసం మీరు చెల్లించిన 2,450 రూపాయలు మొత్తం వెనక్కి పంపిస్తున్నాం. అయితే మీరు చేసిన ఆరోపణలన్నీ ఒకే తరహావి కావు. కొన్నిటిలో తప్పు పూర్తిగా మాదే. ఒకటి రెండు మాత్రం ఒప్పుకుంటే ఈ చీరను అద్దిన కార్మికుల పనికి అన్యాయం జరుగుతుంది. అందుకే కొంచెం వివరంగా రాయవలసి వస్తోంది.

మీ మొదటి అభియోగం, కలంకారీ అని చెప్పి అచ్చు వేసిన చీర పంపామని. కలంకారీ అనే మాటలోనే కలం ఉంది కనుక కలంతో గీసిన బొమ్మలే వస్తాయని మీరు అనుకోవడంలో వింత లేదు. మా దుకాణానికి వచ్చేవారిలోనూ చాలామంది అదే అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో కలంకారీ రెండు రకాలుగా ఉంది. శ్రీకాళహస్తిలో వెదురు పుల్ల చివర గుడ్డ, దారం చుట్టి కలంగా చేసుకుని, చేత్తో బొమ్మ గీస్తారు. మా బందరు, పెడన ప్రాంతంలో టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుతారు. ఈ రెండిటికీ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది, రెండిటినీ కలంకారీ అనే పిలుస్తారు. మీరు చీర కొన్న రోజున మా పేజీలో శీర్షిక ‘పెడన కలంకారీ నూలు చీర, చేతి అచ్చు’ అని ఉంది. వివరాల్లో రెండో వాక్యం ‘ఇది చెక్క అచ్చులతో అద్దినది, కలంతో గీసినది కాదు’ అని ఉంది. మూడో ఫోటోలో అద్దకపు బల్ల మీద అచ్చు పట్టుకున్న చేయి కనిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో మేము తప్పుదోవ పట్టించామన్న మాటను వినయంగానే అయినా ఒప్పుకోలేను. ఆరు గజాల చీర మొత్తం కలంతో గీయించాలంటే అయ్యే ధరకూ, ఈ చీర ధరకూ పొంతనే ఉండదు.

అలాగే, ఇది స్క్రీన్ ప్రింట్ అనీ, చేతిపని అన్నది అబద్ధమనీ రాశారు. మీరు పెట్టిన మూడో ఫోటోనే పెద్దది చేసి చూడండి. అంచులో పూల తీగ ఒక అచ్చు దగ్గర ఆగి మరో అచ్చుతో అందుకునే చోట, ఒక దగ్గర కాడ నూలుపోగు మందాన ఎడంగా ఉంది, దాని పక్క అతుకులో రెండు కాడలు కొద్దిగా ఒకదానిపై ఒకటి పడ్డాయి, ఆ తర్వాతి దగ్గర సరిగ్గా కలిశాయి. స్క్రీన్ మీద వేస్తే లోపమైనా సరే ప్రతిసారీ ఒకే చోట, ఒకే కొలతలో వస్తుంది. ఈ చీర అంచుకు వాడిన అచ్చు పొడవు ఆరు అంగుళాలు. అయిదున్నర మీటర్ల పొడవున ఒక అంచుకు 36 సార్లు, రెండంచులకు 72 సార్లు అచ్చు దించాలి. నలుపుకు ఒకటి, ఎరుపుకు ఒకటి, పసుపుకు ఒకటి చొప్పున వేర్వేరు అచ్చులు కాబట్టి, ఒడలిలోని బుటాలను లెక్కలోకి తీసుకోకుండానే, అంచులకే 216 సార్లు మనిషి చేయి లేచి దిగుతుంది. అన్నిసార్లూ గీత గీసినట్టు కలవాలంటే కుదరదు. ఇంకో గుర్తు కూడా చెబుతాను. చీరను తిరగేసి చూస్తే నలుపు, ఎరుపు వెనక వైపుకూ దిగి ఉంటాయి. పైపైన పూసే రంగు అలా దిగదు.

అయితే మీ రెండో ఫోటో సంగతి వేరు. పమిట చెంగుకు దగ్గరలో నాలుగో బుటా పక్కన బొటనవేలంత మేర నలుపు చెదిరి మరకగా ఉంది. మా సహాయకుడు దాన్ని కూడా ‘చేతిపని అంటే అలాగే ఉంటుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ జవాబు తప్పు, ఆ ధోరణి ఇంకా తప్పు. అతుకుల్లో తేడా చేతిపని లక్షణమే గానీ మరక లోపమే. మడత పెట్టేముందు చీరను బల్ల మీద పూర్తిగా పరిచి చూడటం మా దగ్గర నియమం. పండుగ ముందు పని ఒత్తిడిలో మీ చీరకు అది జరగలేదు. జరిగి ఉంటే ఇది తగ్గింపు ధర చీరల్లోకి వెళ్లేది, మీకు వచ్చేది కాదు. దీనికి మన్నించమని అడుగుతున్నాను.

మీరు నాలుగు మాటల్లో రాసి వదిలేసిన విషయం ఒకటుంది. నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది అదే. ‘సహజ రంగులు అన్నది అబద్ధం’ అన్నారు. మా పేజీలో ‘పూర్తిగా సహజ రంగులు’ అని ఉన్న మాట నిజం. ఆ మాట అక్కడ ఉండకూడదు. ఈ చీరలో నలుపు, ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రావణంతో అద్దినది. అద్దకానికి ముందు బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఆ కరక్కాయ వగరు తగలడం వల్లే ఇనుప ద్రావణం నల్లగా తేలుతుంది. అంతవరకు సహజమే. ఎరుపు దగ్గర మాత్రం కథ మారుతుంది. పటిక అద్దిన చోట ఎరుపు పట్టడానికి పూర్వం మన తీరంలో చిరివేరు వాడేవారు. ఇప్పుడు ఈ చీరకు వాడింది బజారులో దొరికే అలిజరిన్. చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థం కూడా అలిజరినే అన్నది వాస్తవం. కానీ 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారు చేశాక, క్రమంగా బజారులోకి వచ్చేది వేరు నుంచి తీసింది కాకుండా పోయింది. పదార్థం ఒకటే కదా అని సహజమని రాసుకోవడం మాటలతో ఆడుకోవడమే అవుతుంది. పూర్తిగా మొక్కల రంగులతో చేయించిన వేరే చీర తాలూకు వివరాలను దీనికి యథాతథంగా అతికించడం వల్ల ఆ వాక్యం ఇక్కడికి వచ్చింది. అతికించినది నేనే. ఈ ఉదయం ఆ వాక్యం తీసేసి, ‘నలుపు ఇనుము, కరక్కాయలతో, ఎరుపు పటిక, అలిజరిన్‌తో’ అని మార్చాను. ఆ పాత వివరాలు చదివి ఇదే చీర కొన్న మరో పదకొండు మందికి కూడా సంగతి చెప్పి, కావాలంటే తిరిగి ఇవ్వవచ్చని ఈ రోజే సందేశం పంపాను.

రంగు ఫోటోలో ముదురుగా, చేతికి వచ్చాక ఇటుక రంగులో ఉందన్నారు. ఫోటో తీసింది వేసవిలో ఉడికించిన కాగులోని చీరది. మీకు వచ్చింది ఆషాఢంలో, వానల మధ్య ఉడికించి ఆరబెట్టినది. కాగుకూ కాగుకూ ఛాయ కొద్దిగా మారుతుందని పేజీలో రాశాం గానీ, మీ ఫోటోలోని తేడా ‘కొద్దిగా’ అనే మాటకు మించే ఉంది. కొత్త చీరల ఫోటోను పగటి వెలుగులో తీసి మొదటి స్థానంలో పెట్టాను.

మొదటి ఉతుకులో నీళ్లు గోధుమరంగుకు తిరగడం గంజి, మిగులు కరక్కాయ, బట్టకు పట్టని రంగు బయటికి రావడం వల్ల జరుగుతుంది. మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చల్లటి నీళ్లలో, తక్కువ సబ్బుతో చేయాలని పేజీ అడుగున రాసి ఉంది. దాన్ని మీరు చూడకపోతే ఆ నింద మీ మీద వేయను, ఎందుకంటే పొట్లంలో ఆ కాగితం పెట్టలేదు. ఇక నుంచి చీర మడతలోనే పెడతాం. చీరతోపాటు నానబెట్టిన తెల్లటి దిండు గలీబుల ఖర్చు కూడా ఇవ్వాలన్న మీ కోరికను మాత్రం మన్నించలేకపోతున్నాను. ఏ కొత్త రంగు బట్టతోనైనా తెల్లవి కలిపి నానబెట్టకపోవడం మామూలుగా అందరం పాటించే జాగ్రత్తే అని నా అభిప్రాయం.

చివరగా, వాపసు నిరాకరించిన విషయం. మా నియమం ఏడు రోజుల్లోపు, ఉతకని చీరకు. మీరు అడిగింది తొమ్మిదో రోజున, ఉతికాక. మా సహాయకుడు ఆ నియమాన్ని చూపి కాదన్నాడు. కానీ అమ్మిన వస్తువు ప్రకటనలో చెప్పిన లక్షణాలతో లేకపోయినా, లోపంతో ఉన్నా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. మీ చీరలో మరకా ఉంది, ప్రకటనలో తప్పు వాక్యమూ ఉంది. అలాంటప్పుడు మా ఏడు రోజుల నియమానికి ఇక్కడ చోటు లేదు. మిమ్మల్ని నాలుగు రోజులు సందేశాలతో తిప్పడం మా వల్ల జరిగిన పొరపాటు.

మీరు చెల్లించిన ఖాతాకే 2,450 రూపాయలూ, రవాణాకు తీసుకున్న 90 రూపాయలూ ఈ ఉదయం పంపాను. బ్యాంకును బట్టి చేరడానికి మూడు నుంచి అయిదు పనిరోజులు పట్టవచ్చు. చీరను తీసుకెళ్లడానికి మనిషిని మేమే పంపుతాం. మీకు వీలైన రోజూ వేళా మన సందేశాల్లో రాస్తే చాలు, ప్యాకింగు ఖర్చు గానీ కొరియరు ఖర్చు గానీ మీరు పెట్టుకోనక్కర్లేదు. డబ్బు ముందే పంపాం కనుక చీర రావడానికి పది రోజులు పట్టినా ఫరవాలేదు. మీ సమీక్షను తీసేయమనో, నక్షత్రాలు పెంచమనో అడగను. అందులో మీరు రాసిన అనుభవం మీది, అది అలాగే ఉండవచ్చు. కలంతో గీసిన చీరే మీ వదినగారికి పెట్టాలన్న ఆలోచన ఇంకా ఉంటే చెప్పండి. శ్రీకాళహస్తిలో గీసేవారి వివరాలు నాకు తెలిసినంతవరకు మీకు పంపుతాను, మీరు నేరుగా వారితోనే మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
దుకాణం యజమాని,
పెడన, కృష్ణా జిల్లా