మొదటి టర్మ్ ఫీజు లెక్క: 8వ తరగతి గణితం, సాయంత్రం బ్యాచ్

బిల్లు నంబరు: 117
తేదీ: 20 సెప్టెంబరు 2025
విద్యార్థి ప్రవేశ సంఖ్య: 47
టర్మ్: 16 జూన్ 2025 నుంచి 19 సెప్టెంబరు 2025 వరకు
తరగతులు: సోమ, బుధ, శుక్రవారాలు, సాయంత్రం 5:45 నుంచి 7:15 వరకు

అమ్మాయి తల్లిదండ్రులకు,

నమస్కారం. టర్మ్ ముగిసింది. మీరు కట్టినది, హాజరు పట్టీ ప్రకారం మీకు జమ కావలసినది సరిచూసి తుది లెక్క పంపుతున్నాం. ఇంకా కట్టవలసింది రూ. 1,080. ఈ నెల 30 లోపు కట్టగలరు.

లెక్క:

క్లాసుల ఫీజు: 36 క్లాసులు × రూ. 220 = రూ. 7,920
తప్పిన క్లాసుల జమ: 4 క్లాసులు × రూ. 220 = రూ. 880 (తీసివేత)
క్లాసుల నికర ఫీజు = రూ. 7,040
రిజిస్ట్రేషన్ ఫీజు = రూ. 600
మొత్తం = రూ. 7,640
21 జూన్‌న యూపీఐ ద్వారా అందినది = రూ. 4,560
4 ఆగస్టున నగదుగా అందినది = రూ. 2,000
మిగిలిన బాకీ = రూ. 1,080

36 క్లాసులు ఎలా వచ్చాయంటే: టర్మ్ 14 వారాలు. మీ అమ్మాయి చేరింది జూన్ 23న కాబట్టి మొదటి వారం లెక్కలోకి రాదు. మిగిలిన 13 వారాలకు వారానికి మూడు చొప్పున 39. అందులో ఆగస్టు 15, ఆగస్టు 27, సెప్టెంబరు 5 సెలవులు. ఇవి చేరేటప్పుడు ఇచ్చిన క్యాలెండర్‌లోనే ఉన్నాయి, ఆ మూడు రోజులకు మొదటి నుంచీ ఫీజు వేయలేదు. సెలవు రోజుకు కూడా జమ ఇవ్వాలి కదా అని ప్రతి టర్మ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. వేయని ఫీజును తిరిగి ఇవ్వడం కుదరదు. మూడు నెలల ఫీజును మూడుతో భాగించి నెలవారీగా చూసుకున్నా లెక్క కలవదు, ఎందుకంటే ఒక నెలలో 13 క్లాసులు పడితే మరో నెలలో 11 పడతాయి. దయచేసి క్లాసుల సంఖ్యతోనే సరిచూసుకోండి.

ఇక తప్పిన క్లాసులు. అసలు తేడాలన్నీ ఇక్కడే వస్తాయి కనుక తేదీలవారీగా రాస్తున్నాం.

మా వైపు నుంచి ఆగిన క్లాసులు రెండు. జూలై 16న సార్‌కు ఒంట్లో బాగోలేక క్లాసు జరగలేదు. దాని బదులు జూలై 20 ఆదివారం ఉదయం పెట్టిన క్లాసుకు అమ్మాయి వచ్చింది, కాబట్టి జమ లేదు. ఆగస్టు 18న వాన వల్ల రద్దు చేశాం, బదులు క్లాసు పెట్టలేకపోయాం. దానికి పూర్తి రేటు జమ: రూ. 220.

అమ్మాయి రాని రోజులు ఆరు:

జూలై 2: కబురు లేదు. జమ లేదు.
జూలై 25: ముందుగా చెప్పారు. మరునాడు శనివారం బ్యాచ్‌లో కూర్చుని అదే పాఠం విన్నది. జమ లేదు.
ఆగస్టు 22: మెసేజ్ సాయంత్రం 5:30కి వచ్చింది. జమ లేదు.
సెప్టెంబరు 1: జ్వరం, ఉదయమే చెప్పారు. జమ రూ. 220.
సెప్టెంబరు 3: అదే జ్వరం. ఒకసారి చెప్పిన తర్వాత ప్రతిరోజూ చెప్పనక్కర్లేదు. జమ రూ. 220.
సెప్టెంబరు 10: ఊరికి వెళ్తున్నామని రెండు రోజుల ముందే చెప్పారు. జమ రూ. 220.

నియమం చేరిక ఫారంలో ఉన్నదే: క్లాసు రోజు మధ్యాహ్నం 12 లోపు ఆఫీసు నంబరుకు కబురు అందాలి. ఆ గడువు ఎందుకంటే, ఆ రోజు వర్క్‌షీట్ల కాపీలు ఎన్ని తీయాలో, ఖాళీ అయిన చోట మరో బ్యాచ్ విద్యార్థిని కూర్చోబెట్టవచ్చో లేదో మధ్యాహ్నమే తేల్చుకుంటాం. 5:30కి తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. ఆగస్టు 22 మెసేజ్ మొదట సార్ సొంత నంబరుకు వెళ్లిందేమోనని అడిగి చూశాం. అక్కడా అదే సమయం ఉంది. ఇకముందు సార్‌కు చెప్పినా ఆఫీసుకు కూడా ఒక మాట పెట్టండి. క్లాసులో ఉన్నప్పుడు ఆయన ఫోన్ చూడరు.

విద్యార్థి రాని రోజులకు ఇచ్చే జమ టర్మ్‌కు నాలుగు క్లాసులకు మించదు. మీవి మూడే అయ్యాయి. మేం రద్దు చేసిన క్లాసులు ఆ నాలుగింటిలోకి రావు. ఒకే క్లాసుకు బదులు క్లాసూ జమా రెండూ ఉండవు.

సరిచూసుకునే తేలిక దారి ఒకటి. అమ్మాయి మామూలు రోజుల్లో వచ్చినవి 28, బదులు క్లాసులు 2, జమ రాని గైర్హాజరు 2. కలిపితే 32. దాన్ని 220తో గుణిస్తే రూ. 7,040. పైన ఉన్న నికర ఫీజూ అంతే.

రిజిస్ట్రేషన్ ఫీజు రూ. 600 విద్యా సంవత్సరానికి ఒక్కసారే. చేరేముందు రాయించిన పరీక్ష, దాన్ని దిద్దడం, గుర్తింపు కార్డు, ఏడాది మొత్తం వర్క్‌షీట్ల ఫైలు ఇందులో వస్తాయి. ఇది క్లాసు రేటులో కలవదు, తిరిగి ఇవ్వబడదు, తప్పిన క్లాసుల జమ దీని మీద పడదు. మధ్యలో మూడు నెలలకు పైగా మానేసి మళ్లీ చేరితే మాత్రం కొత్తగా కట్టాలి.

మీ మొదటి చెల్లింపు రూ. 4,560లో రూ. 600 రిజిస్ట్రేషన్, రూ. 3,960 మొదటి వాయిదా. రెండో వాయిదా కూడా రూ. 3,960, ఆగస్టు 5 గడువు. అందులో రూ. 2,000 అందింది, రూ. 1,960 నిలిచింది. ఆ నిలవలోంచి జమ రూ. 880 పోగా రూ. 1,080. ఆలస్య రుసుము వారానికి రూ. 50 ఉన్నా, మిగిలినది జమ తేల్చాక కడతామని మీరు ఆగస్టు 4నే చెప్పారు, మేం సరేనన్నాం. కాబట్టి వేయలేదు. సెప్టెంబరు 30 దాటితే వేస్తాం.

యూపీఐలో కడితే వివరం దగ్గర ప్రవేశ సంఖ్య 47 అని రాయండి. తాతయ్య ఫోన్ నుంచో, మామయ్య ఖాతా నుంచో వచ్చిన డబ్బు ఎవరి పేరున రాయాలో తెలియక రోజులు గడిచిపోతుంటాయి. అలా పంపవలసి వస్తే లావాదేవీ నంబరు కనిపించే స్క్రీన్‌షాట్ ఆఫీసుకు పెట్టండి. నగదైతే సాయంత్రం 5 నుంచి 7:30 మధ్య ఆఫీసులో మాత్రమే. అమ్మాయి పుస్తకాల సంచిలో పంపవద్దు. రసీదు చేతికి వచ్చేదాకా కట్టినట్టు కాదు.

ఈ రసీదును ఆదాయపు పన్ను మినహాయింపు కోసం ఉద్యోగం చేసే చోట ఇవ్వాలనుకుంటే ఒక మాట: 80సి కింద పిల్లల ఫీజుకు మినహాయింపు పాఠశాల, కళాశాల లాంటి చోట్ల పూర్తికాల చదువుకే. ప్రైవేటు ట్యూషన్‌కు వర్తించదు.

హాజరు విషయంలో తేడా కనిపిస్తే ఈ నెల 27 లోపు రండి. అమ్మాయి రోజూ సంతకం పెట్టిన పట్టీ చూపిస్తాం. పొరపాటు మాదైతే అక్కడే బిల్లు దిద్ది కొత్తది ఇస్తాం.

రెండో టర్మ్ అక్టోబరు 6న మొదలై డిసెంబరు 19 వరకు. 11 వారాలు, 33 క్లాసులు. అక్టోబరు 20 సెలవు పోగా 32. రేటు మారలేదు, రూ. 7,040. రెండు సమాన వాయిదాలు, రూ. 3,520 చొప్పున: మొదటిది అక్టోబరు 6, రెండోది నవంబరు 10. రిజిస్ట్రేషన్ లేదు. సీటు కొనసాగించకపోతే సెప్టెంబరు 30 లోపు చెప్పండి, ఆ బ్యాచ్ కోసం ఇద్దరు ఎదురుచూస్తున్నారు.

ఇట్లు,
ఫీజుల విభాగం