కిరణ్ రిసెప్షన్‌లో బెస్ట్ మ్యాన్ స్పీచ్ (తిరగరాసింది)

పెద్దలందరికీ నమస్కారం. టెక్సాస్‌లో పెళ్లి కాబట్టి బెస్ట్ మ్యాన్ మాట్లాడాలట. కంగారు పడకండి, తెలుగులోనే మాట్లాడతాను.

నిన్న రాత్రి దాకా నా దగ్గర ఇంకో స్పీచ్ ఉంది. "కిరణ్ చాలా మంచివాడు. కష్టజీవి. స్నేహానికి ప్రాణమిస్తాడు." మా ఆవిడ చదివి, "కింద ఓ గుర్తు కూడా వేస్తే సర్పంచి ఎన్నికల్లో పంచొచ్చు" అంది. దాన్ని చించేశాను. ఇక మీరు వినబోయేవి ఉత్త సాక్ష్యాలు.

2021 ఫిబ్రవరి. మంచు తుఫాను. డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. ఆర్లింగ్టన్‌లో మా అపార్ట్‌మెంట్‌కి కరెంటు పోయింది, హీటర్ పోయింది, స్టవ్ కూడా కరెంటుదే. మేమంతా ప్రాణాల గురించి ఆలోచిస్తుంటే, మావాడి బాధల్లా ముందురోజు రుబ్బిన దోసెల పిండి పులవదేమోనని. ఉన్న ఒక్క మందపాటి దుప్పటీ దానికి కప్పాడు. అదీ చాల్లేదని గిన్నె పట్టుకెళ్లి, పార్కింగ్‌లో ఉన్న కారు ముందు సీట్లో పెట్టి హీటర్ వేశాడు. మేం వెనక సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. బరువుకి కారు కుయ్‌కుయ్‌మంటుంటే దిగి వెళ్లి పిండికి సీటుబెల్టు పెట్టాడండీ! మాకెవరికీ పెట్టుకోమని చెప్పలేదు.

కరెంటొచ్చాక దోసెలు పోశాడు. పైఫ్లాట్‌లో ఉండే అమ్మాయిలనీ పిలిచాడు. అందరం ఆహా ఓహో అంటున్నాం, ఆకలి అలాంటిది. ఒకమ్మాయి మాత్రం ఓ ముక్క నోట్లో పెట్టుకుని, "ఉప్పు వేయలేదు" అంది. ఆ అమ్మాయే స్వాతి. ఆ రోజు నుంచీ వీడు ఏం వండినా మాకు పెట్టే ముందు రుచికి పైఫ్లాట్‌కి పంపేవాడు. గరిటెడు సాంబారు కోసం అన్నిసార్లు మెట్లెక్కుతుంటే మాకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

ఇక వీడి ఉదార స్వభావం. ఇంటి ఖర్చులు ఎక్సెల్‌లో రాసేవాడు. "కరివేపాకు, తలా 37 సెంట్లు" అని రాసేంత ఉదారుడు. నాకు ఉద్యోగం రాని ఆ వేసవిలో, అద్దె ఎంత బాకీ పడ్డానో చూద్దామని భయంభయంగా ఆ షీట్ తెరిచాను. నా గడిలో అంకె లేదు. "తర్వాత చూద్దాం" అని ఉంది. ప్రతి నెలా అదే. ఇవాళ్టికీ ఆ మాట ఎత్తనివ్వడు. కరివేపాకు డబ్బులు మాత్రం నిక్కచ్చిగా వసూలు చేశాడు.

స్వాతీ, ఆ షీట్ ఇక నీ చేతికొస్తుంది. ఒరేయ్, ఉప్పు సంగతి ఆవిడే చూసుకుంటుంది, నువ్వు నోరు మూసుకుని తిను.

అందరూ గ్లాసులెత్తండి. బాబాయిగారూ, మీ గ్లాసులో ఉన్నది యాపిల్ జ్యూసేనని పిన్నిగారికి చెప్పాను, మీరూ ఆ మాట మీదే ఉండండి. కిరణ్‌కీ స్వాతికీ... చీర్స్!